అగ్రిమెంటులో అడ్వాన్సు, బాకీ గడువులు, కబ్జా తేదీ: సంతకానికి ముందు సరిచూసుకునే పద్ధతి

ఇంటి కొనుగోలు అగ్రిమెంటు చిత్తుప్రతి చేతికి రాగానే చాలామంది పేర్లు, ఇంటి నంబరు, హద్దులు చూసి పక్కన పెడతారు. అవి చూడాల్సినవే. అయితే వాటిలో తప్పు దొర్లితే రిజిస్ట్రేషన్ దస్తావేజు రాసేనాడు ఇంకోసారి సరిదిద్దుకోవచ్చు. అడ్వాన్సు ఎంత, మిగతా సొమ్ము ఎప్పుడెప్పుడు, ఇల్లు ఏ రోజు కబ్జాకు, అంటే చేతికి వస్తుంది అనే మూడు సంగతులకు మాత్రం రెండో అవకాశం ఉండదు. దస్తావేజు దాకా పోకముందే తగాదా వస్తే పెద్దమనుషులైనా, కోర్టయినా చూసేది అగ్రిమెంటులోని ఆ నాలుగైదు వాక్యాలనే.

అందుకని ఇక్కడ ఆ మూడు క్లాజులే తీసుకున్నాం. ఉదాహరణకు హనుమకొండలో ఒక పాత రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. కింద అమ్మకందారు కుటుంబం, పైన కిరాయిదారు ఉంటున్నారు. ధర 64 లక్షలు. అడ్వాన్సు 6 లక్షలు, నెల తర్వాత 20 లక్షలు, చివరి 38 లక్షలు బ్యాంకు లోనుతో మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ రోజు. మాటల్లో కుదిరింది ఇంతే. కాగితం మీదికి ఇలా వచ్చింది:

> "మొత్తం వెల రూ. 64,00,000-00 లలో ఈ దినము అడ్వాన్సు కింద రూ. 6,00,000-00 (అక్షరాల నాలుగు లక్షల రూపాయలు మాత్రమే) సాక్షుల సమక్షమున ముట్టినవి. ఒక నెల లోపల రూ. 20,00,000-00, మిగతా రూ. 40,00,000-00 మూడు నెలల లోపల చెల్లించి ఖరీదుదారు తన పేర రిజిస్ట్రేషన్ చేయించుకొనవలెను. గడువు తప్పిన యెడల అడ్వాన్సు సొమ్ము జప్తు అగును. సదరు ఇంటి కబ్జా ఈ దినమే ఖరీదుదారుకు ఇవ్వడమైనది."

పైపైన చదివితే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఇందులో సంతకం పెట్టకూడనంత పెద్ద తప్పులు ఐదున్నాయి. ఒక్కొక్కటిగా పట్టుకుందాం.

## 1. చదవడానికి ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మొదటి షరతు: చిత్తుప్రతి తెల్ల కాగితం మీద కావాలి. స్టాంపు కాగితం మీద ప్రింటు తీసి తెచ్చాక తప్పు చూపిస్తే, "మళ్లీ స్టాంపు కొనాలె సార్, చేత్తో దిద్దుదాం" అంటారు. ఆ చేతి దిద్దుబాట్లే రేపు తగాదాకు మూలం. సంతకాలకు కనీసం రెండు రోజుల ముందు చిత్తుప్రతి ఇమ్మని డాక్యుమెంట్ రైటర్‌ను అడగండి. ఫోన్లో ఫొటో చూసి సరే అనకండి, ప్రింటు తీసుకోండి.

పక్కన పెట్టుకోవాల్సినవి:

- ఇప్పటిదాకా డబ్బు ఇచ్చి ఉంటే ఆ బ్యాంకు బదిలీ రసీదు లేదా చెక్కు నకలు
- అమ్మకందారు బ్యాంకు ఖాతా వివరాలు, ఇంటి యజమానులందరి పేర్లున్న పాత దస్తావేజు నకలు
- బ్యాంకు సెలవులు తెలిసే క్యాలెండరు, దాంతోపాటు పంచాంగం
- కిరాయిదారు ఉంటే నెల కిరాయి, డిపాజిటు ఎంతో రాసిన చీటీ
- ఎర్ర పెన్ను, బిగ్గరగా చదివి వినిపించే ఇంకో మనిషి

పంచాంగం ఎందుకంటే, మన దగ్గర అధిక మాసంలోనో, ఆషాఢంలోనో రిజిస్ట్రేషన్‌కు, గృహప్రవేశానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. గడువు అందులో పడితే కాగితం మీద ఒక తేదీ, మనసులో ఇంకో తేదీ ఉంటాయి. ముందే చూసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

## 2. చిత్తుప్రతి చూడకుండా మీ లెక్క రాసుకోండి

ఈ అడుగును ఎవరూ వేయరు, కానీ సగం తప్పులు దీంతోనే దొరుకుతాయి. అచ్చులో ఉన్న అంకె చూశాక కన్ను దాన్నే నిజమనుకుంటుంది. కాబట్టి ముందు మీకు గుర్తున్న మాటను ఒక తెల్ల కాగితం మీద రాయండి: మొత్తం, ప్రతి విడత, ప్రతి తేదీ, ఆ తేదీకి ఎవరు ఏం చేయాలి. విడతలన్నీ కూడి మొత్తంతో సరిపోయాకే చిత్తుప్రతి తెరవండి.

మన ఉదాహరణలో 6 + 20 + 38 = 64. చిత్తుప్రతిలో 6 + 20 + 40 = 66. ధర మీద రెండు లక్షలు పెరిగాయి. మోసం చేయాలని ఎవరూ అనుకోలేదు. మొదట అడ్వాన్సు నాలుగు లక్షలనుకుని టైపు చేయించారు. అప్పుడు బాకీ 40 సరైనదే. తర్వాత అడ్వాన్సు ఆరుకు పెంచారు. టైపు చేసేవాళ్లు ఆ ఒక్క అంకె మార్చి, పక్కనున్న అక్షరాలను, చివరి బాకీని వదిలేశారు. "నాలుగు లక్షల రూపాయలు మాత్రమే" అని మిగిలిపోయింది అందుకే.

దీన్నుంచి ఒక పని అలవాటు చేసుకోవచ్చు. బేరంలో ఏ అంకె చివరి నిమిషంలో మారిందో గుర్తు చేసుకుని, ఆ అంకె మీద ఆధారపడే మిగతా అంకెలన్నీ వెతకండి. పాత ఒప్పందం ఆనవాళ్లు అక్కడే దొరుకుతాయి.

## 3. అడ్వాన్సు క్లాజు

### 3.1 అంకెలు, అక్షరాలు

అంకె ఒకటి, అక్షరం ఇంకొకటి ఉన్నప్పుడు అక్షరాల్లో రాసిందానికే సాధారణంగా బలం ఎక్కువ. అంటే పై చిత్తుప్రతి మీద సంతకం పెడితే, ఆరు లక్షలిచ్చిన మనిషి నాలుగు లక్షలే ఇచ్చాడని వాదించే అవకాశం ఎదుటివారికి ఇచ్చినట్టే. చదివేటప్పుడు అంకెను ఒకరు, అక్షరాలను ఇంకొకరు పైకి చదవండి. సున్నాలను కామాల ప్రకారం లెక్కపెట్టండి. 6,00,000లో కామా జారి 60,000 అయిన కాగితాలు అరుదేమీ కాదు. పాత తెలుగు ఫాంటులోని ఫైలును కొత్త ఫాంటులోకి మార్చినప్పుడు గుర్తులు తారుమారవుతాయి. ఆఖరి ప్రింటును మళ్లీ చదవాల్సింది అందుకే.

### 3.2 ఎట్లా ముట్టింది

"సాక్షుల సమక్షమున ముట్టినవి" అనేది ఎందుకూ చాలదు. బ్యాంకు బదిలీ అయితే తేదీ, పంపిన ఖాతా, చేరిన ఖాతా, ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు ఉండాలి. చెక్కు అయితే నంబరు, తేదీ, బ్యాంకు, బ్రాంచి రాసి, చెక్కు చెల్లుబాటయ్యాకే ముట్టినట్టు లెక్క అని ఒక వాక్యం చేర్చాలి. అది అమ్మకందారుకు రక్షణ. యజమానులు ఇద్దరుంటే ఎవరి ఖాతాకు ఎంత పోయిందో విడిగా రాయాలి. అన్న ఖాతాకు మొత్తం పంపి, తమ్ముడి పేరు రసీదులో లేకపోతే "నాకు ముట్టలేదు" అనే మాట ఎప్పటికైనా వస్తుంది.

నగదు సంగతి సూటిగా చెప్పాలి. స్థిరాస్తి అమ్మకం కోసం 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా అడ్వాన్సు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. నగదు తీసుకున్నవారికి ఆ సొమ్ముకు సమానంగా పెనాల్టీ పడవచ్చు. బేరం చెడి అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడూ ఇలాంటి నియమమే వర్తిస్తుంది. ఇక "కొంత కాగితం మీద, కొంత చేతిలో" పద్ధతిలో ఇచ్చిన సొమ్ము బేరం చెడితే తిరిగి రావడం చాలా కష్టం. ఆ సొమ్ముకు అగ్రిమెంటులో ఆధారమే ఉండదు.

### 3.3 ఒక శాతం పన్ను

ధర 50 లక్షలు, ఆపైన ఉన్న ఇంటికి, ప్లాటుకు ఖరీదుదారు ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. వ్యవసాయ భూమికి ఇది లేదు. మినహాయింపు చివర్లో ఒకేసారి కాదు, ప్రతి విడతలోనూ జరగాలి. మినహాయించిన నెల ముగిశాక 30 రోజుల్లోపు కట్టాలి.

మన లెక్కలో అడ్వాన్సులో 6,000, రెండో విడతలో 20,000, చివర్లో 38,000, మొత్తం 64,000. అమ్మకందారు ఖాతాలో పడేవి వరుసగా 5,94,000, 19,80,000, 37,62,000. ఈ సంగతి రాయకపోతే అమ్మకందారు పాసుబుక్కు చూసి "ఆరు వేలు తక్కువ ఇచ్చినవ్" అంటారు. పన్నుగా కట్టింది కూడా వెలలో చెల్లించినట్టే లెక్క అని ఒక్క వాక్యం చాలు. అమ్మకందారు గల్ఫ్‌లోనో, అమెరికాలోనో స్థిరపడి ఉంటే ఈ ఒక శాతం నియమం వర్తించదు. మినహాయింపు రేటు వేరు, ఎక్కువ. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు ఇది తరచూ ఎదురయ్యే పరిస్థితి. ఆడిటర్‌ను అడిగాకే అంకెలు రాయించండి.

### 3.4 జప్తు

"గడువు తప్పిన యెడల అడ్వాన్సు జప్తు అగును." చిత్తుప్రతిలో ఖరీదుదారుకు అన్నిటికన్నా ఖరీదైన వాక్యం ఇదే. ఇందులో రెండు లోపాలున్నాయి. గడువు ఎవరివల్ల తప్పినా ఖరీదుదారు సొమ్మే పోయేలా ఉంది. పైగా ఎంత సొమ్ము పోతుందో తేలదు.

మాట నిలబెట్టుకుంటామన్న హామీగా ఇచ్చేది బయానా. ధరలో భాగంగా ముందే కట్టేది వేరు. 2012లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పిన ప్రకారం, అడ్వాన్సును జప్తు చేసుకోవాలంటే అది బయానాగా ఇచ్చిందేనని ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. కేవలం ధరలో భాగమైతే జప్తు కుదరదు. అందుకని ఆరు లక్షల్లో బయానా ఎంతో విడదీయించండి. ఇక్కడ ఇద్దరూ రెండు లక్షలకు ఒప్పుకున్నారనుకుందాం. ఇంత స్పష్టత అమ్మకందారుకూ మేలే. రేపు జప్తు చేయాల్సి వస్తే వాదన తేలికవుతుంది.

అమ్మకందారు తప్పితే ఏమిటో కూడా పక్కనే ఉండాలి. కొన్ని ఫార్మాట్లలో "అడ్వాన్సు రెట్టింపు ఇవ్వాలి" అని ఉంటుంది, ఖరీదుదారు అది చూసి సంబరపడతారు. రెట్టింపు ఇచ్చి ఇల్లు ఎగ్గొట్టే దారి అమ్మకందారుకు దొరికిందా అని చూసుకోవాలి. సొమ్ము తీసుకోవాలా, కోర్టు ద్వారా రిజిస్ట్రేషన్ కోరాలా అన్న నిర్ణయం ఖరీదుదారుదే అని రాయిస్తే ఆ దారి మూసుకుంటుంది.

బ్యాంకు లోను రాకపోవడం మూడో పరిస్థితి. ఇంటి కాగితాల లోపం వల్ల లోను రాకపోతే అడ్వాన్సు మొత్తం 15 రోజుల్లో బ్యాంకు ద్వారా వాపసు రావాలి. ఖరీదుదారు జీతం చాలక రాకపోతే ఆ బాధ్యత ఖరీదుదారుదే. ఈ రెంటినీ విడదీసి రాస్తే ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. "లోను రాకపోతే" అని మాత్రమే రాస్తే ఎవరికి తోచిన అర్థం వారిది.

సరిదిద్దిన క్లాజు ఇలా ఉంటుంది:

> "ఇంటి మొత్తం వెల రూ. 64,00,000 (అరవై నాలుగు లక్షల రూపాయలు). ఇందులో రూ. 6,00,000 (ఆరు లక్షల రూపాయలు) తేది 09-02-2026 నాడు ఖరీదుదారు చెల్లించారు. అందులో రూ. 5,94,000 అమ్మకందారు ఖాతా నం. ....కు యూటీఆర్ నం. .... ద్వారా ముట్టినవి. రూ. 6,000 ఆదాయపు పన్నుగా మినహాయించినవి, ఇవి కూడా వెలలో చెల్లించినట్టే. పై ఆరు లక్షల్లో రూ. 2,00,000 బయానా, రూ. 4,00,000 వెలలో భాగం. మిగిలిన బాకీ రూ. 58,00,000 (యాభై ఎనిమిది లక్షల రూపాయలు)."

## 4. మిగతా సొమ్ము గడువులు

### 4.1 వ్యవధి కాదు, తేదీ

"మూడు నెలలు", "90 రోజులు" ఒకటి కాదు. అగ్రిమెంటు 2026 ఫిబ్రవరి 9న అయితే మూడు నెలలకు మే 9 వస్తుంది, అది రెండో శనివారం, బ్యాంకులు మూసి ఉంటాయి. 90 రోజులకు మే 10, ఆదివారం. లోను చెక్కు ఇచ్చే బ్యాంకు పనిచేయని రోజున గడువు ముగిస్తే తప్పు ఎవరిదన్నది వాదనే. మే 8, శుక్రవారం అని రాస్తే పని అయిపోతుంది.

ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నదీ ఇంకో చిక్కు. అగ్రిమెంటు పైన ఒక తేదీ, సంతకాల కింద ఇంకో తేదీ, స్టాంపు కొన్నది మరో రోజు ఉంటాయి. "ఉగాది పోయినాక", "మక్కల పైసలు వచ్చినాక", "పిల్లల పరీక్షలు అయినాక" అనేవి మాటకు పనికొస్తాయి, కాగితానికి పనికిరావు. క్యాలెండరు తేదీలోకి మార్చి రాయించండి.

తేదీకి ఇంకో బరువు కూడా ఉంది. అగ్రిమెంటు ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేయడానికి కాలపరిమితి మూడేళ్లు. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. తేదీ లేకపోతే ఎదుటివారు నిరాకరించిన సంగతి తెలిసినప్పటి నుంచి, అంటే అది ఎప్పుడన్నదే మొదటి తగాదా.

### 4.2 ఒకరి గడువుకు ఇంకొకరి పని

చిత్తుప్రతిలో చేయాల్సిన పనులన్నీ ఖరీదుదారువే. నిజానికి ఖరీదుదారు డబ్బు సకాలంలో కట్టాలంటే అమ్మకందారు ముందు కొన్ని పనులు చేయాలి. పాత దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఇంటి పర్మిషన్ ప్లాను, ఇంటి పన్ను రసీదు చేతికి రాకుండా బ్యాంకు న్యాయవాది అభిప్రాయం ఇవ్వరు. అది లేకుండా లోను మంజూరు కాదు. అమ్మకందారు కాగితాలు నెలన్నర ఆలస్యంగా ఇచ్చి, మే నెలలో "గడువు దాటింది, జప్తు" అంటే అడ్డుకోవడానికి కాగితం మీద ఏమీ ఉండదు.

కాబట్టి ప్రతి విడత ముందు అమ్మకందారు చేయాల్సిన పనిని తేదీతో పెట్టండి:

| తేదీ | ఎవరు | ఏం చేయాలి |
|---|---|---|
| 09-02-2026 | ఖరీదుదారు | అడ్వాన్సు రూ. 6,00,000 |
| 23-02-2026 | అమ్మకందారు | కాగితాల నకళ్లు, తాజా ఈసీ, అంటే ఇంటి మీది లావాదేవీలు, అప్పులు చూపే సర్టిఫికెట్ |
| 09-03-2026 | ఖరీదుదారు | రెండో విడత రూ. 20,00,000 |
| 04-05-2026 | అమ్మకందారు | రెండంతస్తులూ ఖాళీ చేయడం |
| 06-05-2026 | ఇద్దరూ | ఖాళీ ఇల్లు చూసి రాసుకోవడం |
| 08-05-2026 | ఇద్దరూ | రూ. 38,00,000, రిజిస్ట్రేషన్, తాళాలు |

ఈ పట్టికను అగ్రిమెంటులోనే పెట్టించవచ్చు. దాని కింద ఒక వాక్యం: అమ్మకందారు కాగితాలు ఎన్ని రోజులు ఆలస్యం చేస్తే, ఆ తర్వాతి ఖరీదుదారు గడువులన్నీ అన్ని రోజులు పెరుగుతాయి. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో స్లాటు ఎవరు బుక్ చేయాలి, ఎన్ని రోజుల ముందు ఎదుటివారికి రాతపూర్వకంగా చెప్పాలి, స్టాంపు ఖర్చులు ఎవరివి అన్నవి కూడా అక్కడే. ఏడు రోజుల ముందు చెప్పాలంటే చాలు.

### 4.3 ఆలస్యానికి ఓ మెట్టు

స్థిరాస్తి ఒప్పందాల్లో గడువే ప్రాణమని కోర్టులు తమంతట తాము అనుకోవు. అలా ఉండాలనుకుంటే ఒప్పందంలో చెప్పుకోవాలి. అమ్మకందారు దాన్ని కోరితే ఖరీదుదారు వెంటనే కాదనక్కర్లేదు, కానీ ఒక మెట్టు పెట్టించుకోవాలి. గడువు దాటితే 15 రోజుల వ్యవధితో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, ఆ 15 రోజులూ దాటాకే రద్దు అని రాస్తే, బ్యాంకులో రెండు రోజుల జాప్యానికి బయానా పోయే ప్రమాదం తప్పుతుంది. నోటీసు పంపాల్సిన చిరునామాలు కూడా రాయించండి.

ప్లాటుకు గజం లెక్కన ధర అయితే ఇంకో వాక్యం కావాలి: కొలిచాక విస్తీర్ణం తగ్గితే ఏ విడతలో ఎంత తగ్గుతుంది. కొత్త అపార్టుమెంటులో బిల్డరు దగ్గర కొంటుంటే, బిల్డర్ల ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం కిందికి వచ్చేవాటిలో రిజిస్టరు అయిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు.

## 5. కబ్జా వాక్యం

### 5.1 "ఈ దినమే ఇవ్వడమైనది"

ఈ ఐదో తప్పు పాత ఫార్మాటు నుంచి వచ్చింది. అడిగితే "ఫార్మాట్ల ఎప్పుడూ గట్లనే ఉంటది అన్నా, ఏం గాదు" అంటారు. అవుతుంది. కబ్జా ఇచ్చినట్టు రాసిన అగ్రిమెంటును స్టాంపుల చట్టం అమ్మకపు దస్తావేజుతో సమానంగా చూస్తుంది. నిజంగా తాళాలు ఇచ్చారా లేదా అన్నది తర్వాతి మాట, రాత అలా ఉంటే సుంకం ఆ లెక్కనే. వంద రూపాయల స్టాంపు మీద రాసిన ఆ కాగితాన్ని కోర్టులో చూపిస్తే, లోటు సుంకం, దాని మీద పదింతల దాకా పెనాల్టీ కట్టేవరకు సాక్ష్యంగా తీసుకోరు. అత్యవసరమైన రోజున అగ్రిమెంటు చేతిలో ఉండి కూడా పనికిరాకుండా పోతుంది.

ఇప్పుడే కబ్జా తీసుకోవడం నిజంగా అవసరమైతే పూర్తి సుంకం కట్టి అగ్రిమెంటును రిజిస్టరు చేయించండి. ఆస్తి బదిలీ, రిజిస్ట్రేషన్ చట్టాలకు 2001లో జరిగిన సవరణ తర్వాత, అగ్రిమెంటు ఆధారంగా కబ్జాను కాపాడుకోవాలన్నా అది రిజిస్టరు అయి ఉండాలి. మన ఉదాహరణలో ఆ అవసరం లేదు. కాబట్టి "ఈ రోజు కబ్జా ఇవ్వలేదు" అని తేటగా రాయాలి. ఆ వాక్యాన్ని కొట్టేసి ఊరుకుంటే చాలదు, కబ్జా గురించి ఏమీ లేని అగ్రిమెంటు మళ్లీ చిక్కే.

### 5.2 ఖాళీ కబ్జా

"కబ్జా ఇవ్వాలి" అనే మాట పైన కిరాయిదారు ఉండగానే నెరవేరినట్టు వాదించవచ్చు. కింది అంతస్తు తాళాలిచ్చి, "పైన కిరాయి ఇక మీరే వసూలు చేసుకోండి" అంటే సరి. మీకు కావాల్సింది ఖాళీ ఇల్లయితే "ఖాళీ" అనే పదం ఉండాలి. ఎవరు ఖాళీ చేయించాలి, కిరాయిదారు డిపాజిటు ఎవరు వాపసు ఇవ్వాలి, ఏ తేదీ వరకు కిరాయి ఎవరిది అన్నవీ ఉండాలి. సామాన్లతో ఒక గది మూసి పెడితే ఖాళీ చేసినట్టు కాదని రాయడం అతిగా అనిపించవచ్చు, కానీ ఎక్కువ గొడవలు ఆ ఒక్క గది దగ్గరే మొదలవుతాయి.

### 5.3 వరుస ఏది

"రిజిస్ట్రేషన్ తర్వాత కబ్జా" అన్నదాంట్లో తర్వాత అంటే ఎప్పుడు? అదే రోజా, నెలకా? పూర్తి సొమ్ము ముట్టాక ఖాళీ చేయడానికి అమ్మకందారుకు తొందర ఉండదు. కొందరు ఈ భయంతో చివరి లక్ష రూపాయలు ఆపుకోవాలనుకుంటారు. దస్తావేజులో మాత్రం మొత్తం వెల ముట్టిందని రాస్తారు. అప్పుడు ఆ లక్షకు ఇరువైపులా ఆధారం ఉండదు. కాబట్టి సొమ్ము ఆపడం కన్నా ఇల్లు ముందు ఖాళీ చేయించుకోవడం మంచి పద్ధతి. పట్టికలో మే 4న ఖాళీ, మే 6న చూడడం, మే 8న రిజిస్ట్రేషన్ పెట్టింది అందుకే. అమ్మకందారుకు కూడా భయం లేదు, ఇల్లు ఖాళీ అయినా తాళాలు ఇంకా ఆయన దగ్గరే ఉంటాయి.

కిరాయిదారు మే 4న కదలకపోతే? రిజిస్ట్రేషన్, చివరి విడత రెండూ ఖాళీ అయిన మూడో పనిదినానికి జరగాలి, అయితే ఆఖరి హద్దు ఉండాలి. అధిక మాసం దాటేలా జూన్ 19 అని పెట్టవచ్చు. అప్పటికీ ఖాళీ కాకపోతే కొనాలా, ఇచ్చిన సొమ్మంతా వాపసు తీసుకోవాలా అన్నది ఖరీదుదారు ఇష్టం. ఇంత కాలం బ్యాంకు మంజూరు చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కోండి.

> "ఈ రోజు కబ్జా ఇవ్వలేదు. కింది అంతస్తు అమ్మకందారు వద్ద, పై అంతస్తు కిరాయిదారు వద్ద ఉన్నవి. అమ్మకందారు తాను ఖాళీ చేసి, కిరాయిదారుకు డిపాజిటు తానే వాపసు ఇచ్చి ఖాళీ చేయించి, తేది 04-05-2026 నాటికి రెండంతస్తులను పూర్తిగా ఖాళీగా ఉంచాలి. తేది 08-05-2026 నాడు చివరి విడత ముట్టి రిజిస్ట్రేషన్ పూర్తయిన అదే రోజు ఖాళీ ఇంటి కబ్జాను అన్ని తాళాలతో అప్పగించాలి. ఆ రోజు వరకు ఇంటి పన్ను, నల్లా, కరెంటు బిల్లులు అమ్మకందారువి."

## 6. అడ్డంగా చదవడం

ఇప్పటిదాకా క్లాజులను విడివిడిగా చూశాం. ఇప్పుడు ఒక్కో అంకె పట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతకండి. 64,00,000 ఎన్ని చోట్ల ఉందో అన్ని చోట్లా ఎర్ర సున్నా చుట్టండి. తర్వాత 6,00,000, తర్వాత 08-05-2026. అడ్వాన్సు అంకె సాధారణంగా చెల్లింపు క్లాజులో, జప్తు క్లాజులో, చివరి రసీదులో వస్తుంది. క్లాజు దిద్దించి రసీదు మరిచిపోవడం సర్వసాధారణం.

ఆ తర్వాత ఇవి చూడండి:

- జప్తు వాక్యంలో "అడ్వాన్సు" అని మిగిలిందా, "బయానా రూ. 2,00,000" అని మారిందా
- కబ్జా గురించి ఇంకెక్కడైనా పాత వాక్యం దాక్కుందా ("నేటి నుండి అనుభవించుకొనవచ్చును" అన్నా అర్థం అదే)
- రిజిస్ట్రేషన్ తేదీ, చివరి విడత తేదీ, తాళాల తేదీ ఒకటేనా
- అమ్మకందారు, ఖరీదుదారు అనే పదాలు ఎక్కడైనా తారుమారయ్యాయా

చివరిది చిన్నగా కనిపిస్తుంది. పాత ఫైలులో మొదటి పార్టీ ఖరీదుదారు, కొత్తదాంట్లో అమ్మకందారు అయితే, బిల్లులు కట్టాల్సిన మనిషి మారిపోతాడు.

## 7. సంతకం రోజు

స్టాంపు కాగితం మీది ప్రింటును, మీరు ఎర్ర పెన్నుతో దిద్దిన ప్రతిని పక్కపక్కన పెట్టి మూడు క్లాజులను మళ్లీ పైకి చదవండి. తేదీల దగ్గర ఖాళీ గీతలు మిగలకూడదు. యూటీఆర్ నంబరు అప్పుడే వస్తే అక్కడే చేత్తో నింపి, పక్కన ఇద్దరూ పొట్టి సంతకం చేయాలి. ఏ కొట్టివేత ఉన్నా ఇదే పద్ధతి. యజమానులందరూ ప్రతి పేజీ మీద సంతకం పెట్టాలి. గల్ఫ్‌లో ఉన్న యజమాని తరఫున ఇంకొకరు సంతకం చేస్తుంటే, ఆ పవర్ ఆఫ్ అటార్నీలో ఇల్లు అమ్మే అధికారంతో పాటు సొమ్ము తీసుకునే అధికారం, కబ్జా ఇచ్చే అధికారం ఉన్నాయా చూడండి.

తర్వాత తేదీలు మార్చాల్సి వస్తే ఫోన్లో "సరే అన్నా, నెల ఆగుదాం" అనుకుని వదిలేయకండి. అగ్రిమెంటు వెనక పేజీ మీదో, విడి కాగితం మీదో పాత తేదీ, కొత్త తేదీ, అప్పటిదాకా ముట్టిన మొత్తం, మిగిలిన బాకీ రాసి, ఇరుపక్షాలూ, సాక్షులూ ఆ రోజు తేదీతో సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తేదీ మారితే కబ్జా తేదీ కూడా దానితోపాటు మారిందని ఆ రాతలో విడిగా చెప్పాలి. చెప్పకపోతే కబ్జాకు పాత తేదీయే ఉండిపోతుంది.